ఎఫ్ఎస్‌హెచ్ మొదటిసారి 52, రెండోసారి 9. ఏది నమ్మాలి?

శైలజ_ఎం
మా చెల్లి గురించి అడుగుతున్నాను. వయసు 33, పిల్లలు లేరు. ఏడాదిగా పీరియడ్స్ అటూ ఇటూ అవుతూ వచ్చి, ఆ తర్వాత అయిదు నెలలు పూర్తిగా ఆగిపోయాయి. ఛాతీ దగ్గర మొదలై మెడ మీదుగా ముఖంలోకి వేడి ఎగదన్నుతుంది, రెండు మూడు నిమిషాలు ఉంటుంది, తర్వాత చెమట పట్టి వణుకు. రోజుకి ఏడెనిమిది సార్లు వస్తుంది, రాత్రి రెండుసార్లు లేస్తుంది.

మొదటి టెస్ట్: ఎఫ్ఎస్‌హెచ్ 52, ఎల్‌హెచ్ 31, ఈస్ట్రాడియోల్ 20 లోపు, టీఎస్‌హెచ్ 2.4, ప్రొలాక్టిన్ 15. ప్రెగ్నెన్సీ టెస్ట్ నెగెటివ్. అండాశయాలు మందగిస్తే వాటిని పనిచేయించే ఎఫ్ఎస్‌హెచ్ పెరుగుతుందట, అవి ముందే మందగించినట్టు అనుమానం ఉందని డాక్టర్ అన్నారు. మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ 10 మిల్లీగ్రాములు పది రోజులు ఇచ్చారు. మాత్రలు ఆపాక మూడు రోజులు బ్లీడింగ్ అయింది.

ఏడు వారాల తర్వాత వేరే ల్యాబ్‌లో చేయించాం: ఎఫ్ఎస్‌హెచ్ 9, ఎల్‌హెచ్ 5, ఈస్ట్రాడియోల్ 190, టీఎస్‌హెచ్ 0.7. ఇంట్లో అందరూ గండం గడిచిందనుకున్నారు. కానీ వేడి ఆవిర్లు ఒక్కటి కూడా తగ్గలేదు. మొదటిది తప్పా, రెండోది తప్పా?

రవళి_చందు
ముందు టెన్షన్ పడకండి. బ్లీడింగ్ అయిందంటేనే అండాశయాలు పనిచేస్తున్నాయని అర్థం. ఎఫ్ఎస్‌హెచ్ రోజుకో రకంగా మారుతుంది, దాన్ని పట్టుకుని కూర్చోవడం దండగ. అండాశయాల్లో ఎన్ని అండాలు మిగిలాయో అంచనా చెప్పే ఏఎంహెచ్ ఒక్కటి చేయించండి. అది నెలలో ఏ రోజైనా ఒకేలా ఉంటుంది, తేలిపోతుంది.

పద్మజ_కె
అసలు మెనోపాజ్‌కి ఈ టెస్టులన్నీ ఎందుకండీ? నాకు 47లో ఆగిపోయాయి. ఏ రక్త పరీక్షా అక్కర్లేదు, లక్షణాలు చాలు అన్నారు మా డాక్టర్. ల్యాబ్‌లకి డబ్బులు పోయడం తప్ప ఉపయోగం లేదు.

గైనిక్_నిర్మల
పద్మజగారూ, మీ డాక్టర్ మీకు చెప్పింది కరెక్టే. 45 దాటిన వాళ్లకి లక్షణాలు, పీరియడ్స్ తీరు చూసి చెప్పేయొచ్చు. ఇక్కడ అడుగుతున్నది 33 ఏళ్ల అమ్మాయి గురించి. నలభైలోపు రక్త పరీక్ష లేకుండా ఆ మాట అనకూడదు, ఎందుకంటే పీరియడ్స్ ఆగడానికి గర్భం, థైరాయిడ్, ప్రొలాక్టిన్, బాగా బరువు తగ్గడం, పీసీఓఎస్ ఇలా వేరే కారణాలు చాలా ఉంటాయి. అందులో ఏదో తేలితే వైద్యం పూర్తిగా వేరే దారిలో వెళ్తుంది.

రవళిగారి మాటలో సగమే సరి. ప్రొజెస్టెరాన్ మాత్రల తర్వాత బ్లీడింగ్ వచ్చిందంటే, గర్భసంచి పొర కొంత పెరిగేంత ఈస్ట్రోజెన్ ఈమధ్య ఎప్పుడో ఉందని మాత్రమే అర్థం. ఈ సమస్య ఉన్న చాలామందికి ఆ మాత్రలతో బ్లీడింగ్ అవుతుంది. దాన్ని చూసి ఊరుకుంటే ఏడాదో రెండేళ్లో వృథా అవుతాయి. నేను చూసే ఆలస్యాల్లో ఎక్కువ భాగం ఇలా మొదలైనవే.

ఇక 52 నుంచి 9కి పడటం. ఇది నిజంగానే జరగొచ్చు. ఈ అండాశయాలు ఒక్కరోజులో ఆరిపోవు, మధ్యమధ్యలో మేలుకుంటాయి. అండం పెరిగే సంచి, అంటే ఒక ఫాలికిల్ ఎదిగితే ఈస్ట్రాడియోల్ పెరుగుతుంది, దాన్ని చూసి పిట్యూటరీ గ్రంథి ఎఫ్ఎస్‌హెచ్‌ని తగ్గిస్తుంది. ఆ వారంలో రక్తం తీస్తే అంకెలన్నీ నార్మల్. అందుకే 2016 మార్గదర్శకాలు ఈ సమస్యని ఖాయం చేయాలంటే నాలుగు వారాల తేడాతో ఎఫ్ఎస్‌హెచ్ రెండుసార్లు 25 దాటాలన్నాయి. 2024లో వచ్చినవి మాత్రం, నాలుగు నెలలుగా పీరియడ్స్ లేకపోయినా గాడి తప్పినా 25 దాటిన ఒక్క టెస్ట్ చాలు, అనుమానం ఉంటేనే మళ్లీ చేయమంటున్నాయి.

మీ చెల్లెలి విషయంలో నాకు అనుమానం ఉంది. ఈస్ట్రాడియోల్ నిజంగా 190 ఉంటే ఆవిర్లు కొంతైనా సద్దుమణగాలి. ఏడెనిమిది అలాగే ఉన్నాయంటే ఆ అంకె, ఒళ్లు చెప్పేది పొసగడం లేదు. రెండో టెస్ట్ రోజున స్కాన్ తీశారా?

ల్యాబ్_వెంకట్
నేను హార్మోన్ సెక్షన్‌లో పనిచేస్తాను. మీరంతా ఎఫ్ఎస్‌హెచ్ చూస్తున్నారు, నా కళ్లు టీఎస్‌హెచ్ మీద పడ్డాయి. 2.4 నుంచి 0.7. ఫాలికిల్ మేలుకుంటే ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ తగ్గుతాయి, సరే. టీఎస్‌హెచ్ ఎందుకు అంతగా పడాలి? థైరాయిడ్ మాత్ర ఏదైనా కొత్తగా మొదలుపెట్టారా? లేదంటే ఒకటే అడుగుతాను: జుట్టుకో గోళ్లకో బయోటిన్ వాడుతోందా? ఎంత మోతాదు, రక్తం ఇచ్చిన రోజు ఎన్నింటికి వేసుకుంది?

శైలజ_ఎం
ఆ రోజు స్కాన్ తీయలేదు. థైరాయిడ్ మాత్రలు లేవు. జుట్టు రాలుతోందని మొదటి టెస్ట్ అయ్యాక బయోటిన్ మొదలుపెట్టింది! డబ్బా చూశాను, 10 మిల్లీగ్రాములు అని ఉంది. రోజూ ఉదయం ఎనిమిదింటికి వేసుకుంటుంది. ఆ రోజు తొమ్మిదిన్నరకి రక్తం ఇచ్చింది.

ల్యాబ్_వెంకట్
అయితే రెండో రిపోర్ట్‌ని పక్కన పెట్టండి. తప్పని తేల్చేయడం లేదు, నమ్మడానికి వీల్లేదంటున్నాను.

చాలా మెషిన్లలో టెస్ట్ ఇలా జరుగుతుంది. రక్తంలోని హార్మోన్‌ని పట్టుకునే యాంటీబాడీకి బయోటిన్ అతికించి ఉంటుంది. ట్యూబ్‌లోని సన్నటి పూసల మీద స్ట్రెప్టావిడిన్ పూత ఉంటుంది, అది బయోటిన్‌ని గట్టిగా పట్టేస్తుంది. పూసలకి అంటుకున్నదే మెషిన్ లెక్కపెడుతుంది, మిగతాది కడిగేస్తుంది. రక్తంలోనే బోలెడు బయోటిన్ ఉంటే అది ముందే వచ్చి కుర్చీలన్నీ ఆక్రమించేస్తుంది, యాంటీబాడీకి చోటు దొరకదు. ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ లాంటి పెద్ద హార్మోన్లలో ఎంత ఎక్కువ అంటుకుంటే అంకె అంత పెద్దది. కాబట్టి అవి ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తాయి. ఈస్ట్రాడియోల్ చిన్న అణువు. దాని లెక్క తిరగబడి ఉంటుంది, తక్కువ అంటుకుంటే హార్మోన్ ఎక్కువ ఉన్నట్టు చూపిస్తుంది.

అంటే ఎఫ్ఎస్‌హెచ్ దొంగగా తగ్గి, ఈస్ట్రాడియోల్ దొంగగా పెరిగి, రెండూ కలిసి ఆరోగ్యంగా ఉన్న అండాశయాల బొమ్మ గీస్తాయి. ఈ సమస్యని దాచడానికి ఇంతకన్నా చక్కటి తప్పు దొరకదు.

మళ్లీ ఇచ్చేటప్పుడు బయోటిన్ కనీసం మూడు రోజులు ఆపండి, కుదిరితే వారం. మల్టీవిటమిన్ లేబుల్ కూడా చూడండి. శాంపిల్ ఇచ్చేటప్పుడు ఫారం మీద ‘బయోటిన్ 10 మి.గ్రా., ఆపి ఇన్ని రోజులు’ అని రాయించండి. మొదటి టెస్ట్ చేసిన ల్యాబ్‌లోనే చేయిస్తే మెషిన్ మారిన గొడవ ఉండదు.

రవళి_చందు
జుట్టు మాత్రలు సగం మంది ఆడవాళ్లు వాడుతున్నారు. మరి అందరి రిపోర్టులూ తప్పేనా? కాస్త అతిగా లేదూ?

ల్యాబ్_వెంకట్
మోతాదుని బట్టి. రోజుకి మనకి కావాల్సింది 30 మైక్రోగ్రాములు. మామూలు మల్టీవిటమిన్‌లో ఉండేది ఆ చుట్టుపక్కలే, దానితో ఏమీ కాదు. 10 మిల్లీగ్రాములంటే దానికి మూడొందల రెట్లు పైనే. పైగా వేసుకున్న గంటన్నరకే రక్తం ఇచ్చారు, అప్పుడు రక్తంలో బయోటిన్ దాదాపు గరిష్ఠంగా ఉంటుంది. అన్ని మెషిన్లూ ఈ పద్ధతి వాడవు. కొన్ని కంపెనీలు కిట్లు మార్చి ఈ ఇబ్బంది బాగా తగ్గించాయి. ఆ ల్యాబ్‌లో ఏ మెషిన్ ఉందో తెలియదు కాబట్టే ‘పక్కన పెట్టండి’ అన్నాను.

ఇంకో మాట. రిపోర్ట్‌లో ఎఫ్ఎస్‌హెచ్ పక్కన ఒకటి కాదు, నాలుగైదు రేంజ్‌లు ఉంటాయి. చివరి వరుస మెనోపాజ్ తర్వాతిది, అందులో 25 నుంచి 130 దాకా నార్మల్ అని ఉంటుంది. 33 ఏళ్ల మనిషికి 52 వచ్చినా దాని పక్కన ఎర్ర గుర్తు పడదు. కంప్యూటర్‌కి ఆమె ఏ వరుసలోకి వస్తుందో తెలియదు. ‘ల్యాబ్ వాళ్లు ఏమీ మార్క్ చేయలేదు’ అని ధైర్యం తెచ్చుకోకండి.

గైనిక్_నిర్మల
వెంకట్‌గారు పట్టుకున్నది బాగుంది. టీఎస్‌హెచ్ తేడా నాకు తట్టలేదు. అయినా బయోటినే కారణమని ఇప్పుడే ఖాయం చేసుకోవద్దు, ఫాలికిల్ మేలుకుని ఉండే అవకాశం కూడా మిగిలే ఉంది.

శైలజగారూ, ఈసారి రక్తం, స్కాన్ ఒకే రోజు పెట్టుకోండి. ఈస్ట్రాడియోల్ మళ్లీ 190 వస్తే స్కాన్‌లో దానికి సాక్ష్యం ఉండాలి: 15 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా ఎదిగిన ఫాలికిల్, మందంగా పెరిగిన గర్భసంచి పొర. పొర 3 మిల్లీమీటర్లే ఉండి రిపోర్ట్ 190 అంటే, రిపోర్ట్‌దే తప్పు. పీరియడ్స్ లేవు కాబట్టి రెండో రోజు, మూడో రోజు అని ఎదురుచూడక్కర్లేదు, ఏ రోజైనా ఇవ్వొచ్చు. మధ్యలో పీరియడ్ వస్తే మాత్రం రెండు నుంచి అయిదో రోజు లోపల ఇవ్వండి. మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ కానీ ఇంకే హార్మోన్ మాత్ర కానీ ఈలోపు వద్దు.

హిమ_బిందు
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు 36. పీరియడ్స్ సరిగ్గా రావట్లేదని రెండేళ్లుగా గర్భనిరోధక మాత్రలు వాడుతున్నాను. నెలనెలా వస్తున్నాయి. మాత్రలు లేని ఆ ఏడు రోజుల్లో మాత్రం ఒళ్లంతా సెగలు. ఎఫ్ఎస్‌హెచ్ చేయిస్తే 4 వచ్చింది. అంటే నాకు ఈ సమస్య లేనట్టేనా?

గైనిక్_నిర్మల
ఆ 4తో ఏమీ తేలదు. మాత్రలోని హార్మోన్లు ఎఫ్ఎస్‌హెచ్‌ని తొక్కిపెడతాయి, లోపల అండాశయాలు ఎలా ఉన్నా అంకె చిన్నగానే వస్తుంది. నెలనెలా వచ్చేది కూడా మాత్ర ఆపినందుకు వచ్చే బ్లీడింగే, మీ సొంత పీరియడ్ కాదు. మీరు చెప్పిన వాటిలో నన్ను ఆపింది ఆ ఏడు రోజుల సెగలు. మాత్ర ఆగగానే ఈస్ట్రోజెన్ లోటు బయటపడుతోందేమో అనిపిస్తోంది. మాత్రలు ఆరు వారాలు ఆపి, ఆ రోజుల్లో వేరే గర్భనిరోధం వాడుతూ, అప్పుడు ఎఫ్ఎస్‌హెచ్, ఈస్ట్రాడియోల్ చేయించండి. మాత్రలు మొదలుపెట్టే ముందు పీరియడ్స్ ఎందుకు గాడి తప్పాయో ఎవరైనా చూశారా? ఆ పాత రిపోర్టులుంటే వెతకండి.

శైలజ_ఎం
బయోటిన్ ఎనిమిది రోజులు ఆపి, మొదటి ల్యాబ్‌లోనే ఇచ్చాం. ఎఫ్ఎస్‌హెచ్ 58, ఎల్‌హెచ్ 34, ఈస్ట్రాడియోల్ 20 లోపు, టీఎస్‌హెచ్ 2.2. అదే రోజు స్కాన్: పొర 3 మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్లు దాటిన ఫాలికిల్ ఏదీ లేదు. రవళిగారు అన్నారని ఏఎంహెచ్ కూడా చేయించాం, కొలవగలిగినంత కూడా లేదని వచ్చింది. ఇప్పుడు ఏం చేయాలి? హార్మోన్లంటే క్యాన్సర్ అని మా అమ్మ భయపడుతోంది. చెల్లికి పిల్లలు కావాలి.

ల్యాబ్_వెంకట్
టీఎస్‌హెచ్ 2.2కి తిరిగొచ్చింది చూశారా. ఆ రెండో రిపోర్ట్‌ని ఫైల్‌లోంచి తీసేయకండి. దాని మీద ‘బయోటిన్ వాడుతూ ఇచ్చినది’ అని పెన్నుతో రాసి ఉంచండి. లేకపోతే రేపు ఇంకో డాక్టర్ దాన్ని చూసి మళ్లీ మొదటికొస్తారు.

గైనిక్_నిర్మల
ఇప్పుడు మూడూ ఒకే మాట చెబుతున్నాయి. అండాశయాలు ముందే మందగించాయన్నది ఖాయం చేసుకోవచ్చు. ఎందుకన్నది ఇంకా తెలియదు. చాలామందిలో ఎప్పటికీ తెలియదు కూడా, దానికి సిద్ధంగా ఉండండి.

కారణం కోసం మూడు టెస్టులు చేయించండి. క్రోమోజోముల పరీక్ష ఒకటి, కొందరిలో ఎక్స్ క్రోమోజోమ్ తేడా ఇలాగే బయటపడుతుంది. రెండోది ఎఫ్ఎంఆర్1 జన్యువు. అందులో ఒక చిన్న భాగం 55 నుంచి 200 సార్లు రిపీట్ అవుతుంటే అండాశయాలు ముందే ఆగొచ్చు. కుటుంబంలో మిగతావాళ్లకీ దానితో సంబంధం ఉంటుంది కాబట్టి ఇది వదలొద్దు. మూడోది అడ్రినల్ గ్రంథి మీద దాడిచేసే యాంటీబాడీలు, 21 హైడ్రాక్సిలేజ్ అని రాస్తారు. అది పాజిటివ్ వస్తే అడ్రినల్ లోపం ఉందేమో హార్మోన్ల డాక్టర్ చూడాలి. అది పట్టుకోకపోతే ప్రాణం మీదకి రావొచ్చు. వీటితోపాటు ఎముకల సాంద్రతకి డెక్సా స్కాన్. ఈ వయసులో టీ స్కోర్ కాదు, అదే వయసువాళ్లతో పోల్చే జెడ్ స్కోర్ చూడమనండి.

అమ్మగారి భయం ఎక్కడిదో నాకు తెలుసు. 2002లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం తర్వాత అందరిలోనూ ఆ భయం పట్టుకుంది. అందులో చేరిన వాళ్లు 50 నుంచి 79 ఏళ్ల వాళ్లు. వాళ్లకి శరీరం ఆపేసిన దాన్ని మళ్లీ ఇచ్చారు. మీ చెల్లికి ఈ వయసులో ఉండాల్సినది లేదు, లేనిదాన్ని తిరిగి పెడుతున్నాం. ఇవ్వకపోతే ఎముకలు సన్నబడతాయి, గుండెకి రిస్క్ పెరుగుతుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ల సంగతి మాత్రం వేరు, అది విడిగా మాట్లాడుకోవాలి.

మోతాదు దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. యాభై దాటినవాళ్లకి ఇచ్చే, చర్మం మీద అంటించే 25, 50 మైక్రోగ్రాముల ఈస్ట్రోజెన్ ప్యాచ్ వేసి పంపేస్తారు. ఆవిర్లు తగ్గుతాయి, అందరూ సంతోషం. ఎముకలకి మాత్రం అది చాలకపోవచ్చు. ఈ వయసులో సాధారణంగా లక్ష్యం ఈస్ట్రాడియోల్ 100 మైక్రోగ్రాముల ప్యాచ్, లేదా నోటి మాత్రగా రోజుకి 2 నుంచి 4 మిల్లీగ్రాములు. దానితోపాటు గర్భసంచి పొర మితిమీరి పెరగకుండా నెలకి 12 నుంచి 14 రాత్రులు మైక్రోనైజ్డ్ ప్రొజెస్టెరాన్ 200 మిల్లీగ్రాములు. మామూలుగా మెనోపాజ్ వచ్చే వయసు దాకా, అంటే యాభై చుట్టుపక్కల దాకా కొనసాగించాలి. మొదలుపెట్టాక ఎఫ్ఎస్‌హెచ్ తగ్గిందా అని నెలనెలా టెస్టులు వద్దు. దాన్ని బట్టి మోతాదు మార్చం.

హిమ_బిందు
మరి గర్భనిరోధక మాత్రలతోనే సరిపెట్టుకోకూడదా? అందులోనూ ఈస్ట్రోజెన్ ఉంటుంది కదా.

గైనిక్_నిర్మల
గర్భం వద్దనుకునేవాళ్లు కొందరు అలాగే వాడతారు. అప్పుడు ఏడు రోజుల విరామం లేకుండా వరసగా వేసుకోవడం మేలు, లేకపోతే ఏడాదిలో మూడు నెలలు ఈస్ట్రోజెన్ లేకుండా గడిచినట్టే. ఎముకలకి ఏది మెరుగన్న దాని మీద డాక్టర్లలో ఏకాభిప్రాయం లేదు. నా మొగ్గు ప్యాచ్ వైపు. రక్తపోటు, మైగ్రేన్, రక్తం గడ్డకట్టే స్వభావం ఉన్నవాళ్లకి అదే నయం.

శైలజ_ఎం
పిల్లల సంగతి?

గైనిక్_నిర్మల
ఉన్నదున్నట్టు చెబుతాను. సొంత అండంతో, తనంతట తాను గర్భం రావడం నూటికి అయిదుగురిలో, కొన్ని లెక్కల్లో పదిమంది దాకా కనిపిస్తుంది. అది ఎప్పుడు వస్తుందో చెప్పలేం, తెప్పించే మందూ లేదు. ఎఫ్ఎస్‌హెచ్ ఇంత ఎక్కువగా ఉన్నప్పుడు ఐవీఎఫ్ ఇంజెక్షన్లకి అండాశయాలు సాధారణంగా స్పందించవు. దాత అండంతో ఐవీఎఫ్‌లో అవకాశాలు బాగుంటాయి. సొంత రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్ల ద్రవాన్ని, అంటే పీఆర్‌పీని, అండాశయంలోకి ఇంజెక్షన్ చేసి మేల్కొలుపుతామని ఎవరైనా అంటే, ఇంకా రుజువు కాని పద్ధతి అని గుర్తుంచుకుని డబ్బు కట్టే ముందు ఆగండి. పైన చెప్పిన ప్యాచ్ గర్భాన్ని ఆపదు, కాబట్టి వాడుతూనే ఎదురుచూడొచ్చు. ప్యాచ్ మీద ఉండగా ప్రొజెస్టెరాన్ ఆపాక రావాల్సిన బ్లీడింగ్ రాకపోతే ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోమనండి.

రవళి_చందు
నేను చెప్పిన ఏఎంహెచ్ చివరికి సరిగ్గానే చెప్పిందిగా!

గైనిక్_నిర్మల
చెప్పింది, ఎఫ్ఎస్‌హెచ్ చెప్పినదానికి తోడుగా. దాన్నే మొదటి టెస్ట్‌గా పెట్టుకుంటే చిక్కు ఎక్కడంటే, ఏఎంహెచ్ తక్కువగా ఉండి పీరియడ్స్ సక్రమంగా వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకి ఈ సమస్య లేదు. ఒక రిపోర్ట్‌లో నానోగ్రాముల్లో, ఇంకోదాంట్లో పికోమోల్స్‌లో ఇస్తారు, రెండింటికీ ఏడు రెట్ల తేడా. 7 వచ్చింది అని సంతోషించేవాళ్లు యూనిట్ చూసుకోవాలి.

శైలజ_ఎం
నాకూ ఇలా అవుతుందా? ఇప్పుడే అండాలు దాచుకోవాలా?

గైనిక్_నిర్మల
మీరు ముందు టెస్ట్ చేయించుకోకండి, చెల్లి ఎఫ్ఎంఆర్1 రిపోర్ట్ రానివ్వండి. అందులో తేడా ఉంటే మీకూ అదే టెస్ట్, ముందు జెనెటిక్ కౌన్సెలింగ్. ఎందుకంటే ఆ తేడా పిల్లలకి వెళ్లేటప్పుడు పెరిగి, ముఖ్యంగా మగపిల్లల్లో బుద్ధిమాంద్యానికి దారితీయొచ్చు. తేడా లేకపోయినా కుటుంబంలో ఒకరికి ఉంది కాబట్టి మీ రిస్క్ మామూలు కన్నా ఎక్కువే. ఎంత ఎక్కువని అంకె ఇవ్వలేను. పీరియడ్స్ సక్రమంగా వస్తున్నంతకాలం మీ ఎఫ్ఎస్‌హెచ్‌తో పనిలేదు. అండాలు దాచుకునే ఆలోచన ఉంటే, ఎన్ని దొరకొచ్చో అంచనాకి ఏఎంహెచ్, ఫాలికిళ్ల లెక్క పనికొస్తాయి. రవళిగారి టెస్ట్‌కి అసలు చోటు అదే. పిల్లల్ని వాయిదా వేసే ఆలోచన లేకపోతే దాచుకోవడమే అక్కర్లేకపోవచ్చు. దీనిమీద నాతో ఏకీభవించని డాక్టర్లూ ఉంటారు.

ల్యాబ్_వెంకట్
ఆ ఏఎంహెచ్ ఇచ్చే ముందు మీరూ జుట్టు మాత్రలు ఆపండి శైలజగారూ. కొన్ని మెషిన్లలో దానిదీ అదే కథ.